జబ్బల మీద బొంబాయి రవ్వ

పోయిన డిసెంబరులో మా అక్క కూతురు పెళ్లి బ్లౌజు కుట్టించుకోవడానికి నాతో టైలరు దగ్గరికి వచ్చింది. కాకినాడ పిల్ల, హైదరాబాదులో ఇంజనీరింగు రెండో ఏడు చదువుతూ హాస్టల్లో ఉంటోంది. ఆ వయసు పిల్లలందరూ పొట్టి చేతులు అడుగుతుంటే ఇది మోచేతి దాకా పెట్టమని పట్టుబట్టింది. ఆటోలో అడిగితే చేతిని నా వైపు జాపి, "ఇక్కడ తడిమి చూడు పిన్నీ" అంది. జబ్బ బయటి వైపు తడిమాను. సన్న బొంబాయి రవ్వ చల్లి అతికించినట్టుంది. దగ్గరగా చూస్తే ప్రతి గింజ చుట్టూ చిన్న గోధుమరంగు చుక్క.

ఇంట్లో దానికి ఒక్కొక్కరు ఒక్కో పేరు పెట్టారు. అక్క చెమటకాయలంది. స్నేహితురాలు చేతి మొటిమలంది. హాస్టల్లో ఎవరో సరిగ్గా రుద్దుకోకపోతే వచ్చే మట్టి అన్నారట. ఆ చివరి మాటే దీని చేత ఆరు నెలలు తప్పుడు పని చేయించింది. రోజూ బీరపీచుతో, వారానికి రెండుసార్లు సున్నిపిండితో, చర్మం ఎర్రబడేదాకా తోమింది. గింజ పెద్దదిగా కనబడితే గోరుతో గిల్లింది. రవ్వ పోలేదు సరికదా, మచ్చలు మిగిలాయి.

దీని అసలు పేరు కెరటోసిస్ పైలారిస్. పేరు చూసి భయపడేంత విషయం ఏమీ లేదు. చర్మం పైపొర కెరటిన్ అనే గట్టి ప్రోటీనుతో తయారవుతుంది. గోళ్లలోనూ, వెంట్రుకల్లోనూ ఉండేది అదే. మామూలుగా పాత కణాలు ఎప్పటికప్పుడు రాలిపోతుంటాయి. కొందరి చర్మంలో రోమకూపం మూతి దగ్గర మాత్రం అవి రాలకుండా ఒకదానికొకటి అంటుకుని, సీసాకు బిరడా బిగించినట్టు చిన్న మేకులా కూరుకుపోతాయి. ఆ మేకు తలే వేలికి తగిలే గింజ. దాని కింద వెంట్రుక బయటికి రాలేక చుట్ట చుట్టుకుని ఉండటమూ కద్దు. చుట్టూ కొద్దిపాటి వాపు వస్తుంది. తెల్లని ఒంటి మీద అది ఎర్రగా కనిపిస్తే, మన ఛాయ మీద గోధుమ చుక్కగా మిగులుతుంది.

ఇందులో మురికి లేదు, క్రిమి లేదు, ఒకరి నుంచి ఒకరికి అంటేదీ లేదు. కుటుంబాల్లో దిగుతుంది. అక్క జబ్బలు తడిమితే ఆమెకూ ఉంది, చిన్నప్పటి నుంచీ ఉంది, ఏనాడూ పట్టించుకోలేదు. కౌమారంలో ఉన్నవాళ్లలో సగం మందికి పైగా, పెద్దవాళ్లలో పదిమందికి నలుగురి దాకా ఏదో ఒక మోతాదులో ఉంటుందని చర్మ వైద్య పుస్తకాలు చెబుతాయి. జబ్బల వెనుక, తొడల ముందు వైపు, పిరుదుల మీద, చిన్నపిల్లల్లో బుగ్గల మీద కనిపిస్తుంది. పొడి చర్మం, ఎగ్జిమా, ఉబ్బసం ఉన్న ఇళ్లలో ఎక్కువ. వయసు పెరిగే కొద్దీ చాలామందిలో దానంతట అదే పలచబడుతుంది.

కాకినాడలో అంతంతమాత్రంగా ఉన్నది హైదరాబాదులో ఎందుకు ముదిరింది? సముద్రం ఒడ్డున గాలిలో తేమ ఉంటుంది, పైపొర కాస్త మెత్తగా నానుతూ ఉంటుంది. దక్కను పీఠభూమి చలికాలం పొడి. దానికి తోడు హాస్టల్లో బకెట్టు నిండా పొగలు కక్కే వేడినీళ్లు, పైన గట్టి సబ్బు, ఆపైన బీరపీచు. మేకు ఎండి, మరింత గట్టిపడింది. నీళ్లు తగలని బెల్లం ముక్క రాయైనట్టు.

మరి దాన్ని మెత్తబరచడం ఎలా? ఇక్కడే యూరియా పేరు వస్తుంది. వినగానే మా నాన్న గారు పేపరు దించి, "పొలానికి చల్లేదాన్నే పిల్ల చేతికి రాస్తారుటే?" అన్నారు. అణువు అదే, నిజమే. కానీ బస్తాలో ఉండేది ఎరువు. దానికి వేపనూనె పూత ఉంటుంది, తయారీలో వచ్చే ఇతర పదార్థాలూ ఉంటాయి, చర్మానికి తగిన శుద్ధి ఉండదు. దాన్ని నీళ్లలో కరిగించి ఒంటికి రాసుకోవడం ఎవరూ చేయకూడని పని. మందుల షాపులో దొరికే క్రీములో శుద్ధి చేసిన యూరియా కొలిచి కలుపుతారు. వింతేమిటంటే, యూరియా, లాక్టిక్ యాసిడ్ రెండూ మన చర్మం పైపొరలో పుట్టుకతోనే ఉంటాయి. ఆ పొరలో నీటిని పట్టి ఉంచే పదార్థాల మూటలో ఇవి భాగం. బయటి నుంచి తెచ్చి పూస్తున్నది పూర్తిగా పరాయి వస్తువేమీ కాదు.

యూరియా పని మోతాదును బట్టి మారుతుంది. ఇది తెలియకే చాలామంది దెబ్బతింటారు. అయిదు నుంచి పది శాతం మధ్య ఉంటే అది ముఖ్యంగా నీటిని లాగి పట్టి ఉంచుతుంది. పది దాటి ఇరవై దగ్గరికి వచ్చేసరికి కెరటిన్ పట్టును సడలించి, గట్టిపడ్డ పొరను వదులు చేస్తుంది. నలభై శాతం అయితే ఆనెలనూ, మందంగా మారిన గోళ్లనూ మెత్తబరచడానికి వాడేది. జబ్బ మీది పలచని చర్మానికి దాని అవసరం లేదు. మడమల పగుళ్లకని అమ్మే ట్యూబు తెచ్చి చేతికి రాసేముందు పెట్టె మీద శాతం చదవాలి.

లాక్టిక్ యాసిడ్ దారి వేరు. పైపొర కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు లాంటి బంధాలను అది వదులు చేస్తుంది. అప్పుడు కణాలు రుద్దకుండానే రాలతాయి. లోషన్లలో సాధారణంగా అయిదు నుంచి పన్నెండు శాతం ఉంటుంది. పన్నెండు శాతం అంటే చాలావరకు అమ్మోనియం లాక్టేట్ రూపంలో, ఆమ్లపు పదును కొంత తగ్గించి ఇస్తారు. పెట్టె మీద సోడియం లాక్టేట్ అని మాత్రమే ఉంటే అది ముఖ్యంగా తేమ కోసం వేసిందని అర్థం, మేకును అంతగా కదపదు. పెరుగులో ఉండేదీ లాక్టిక్ యాసిడే కదా అని అడిగేవాళ్లున్నారు. పెరుగులో అది ఒక శాతం దరిదాపుల్లో ఉంటుంది, పావుగంట తర్వాత కడిగేస్తాం. పెరుగు రాసుకుంటే చల్లగా ఉంటుంది, అంతే.

థాయ్‌లాండ్ వైద్యులు 2015లో ఒక చిన్న పరీక్ష ప్రచురించారు. యాభై మందికి ఒక చేతికి పది శాతం లాక్టిక్ యాసిడ్, రెండో చేతికి అయిదు శాతం శాలిసిలిక్ యాసిడ్ రోజుకు రెండుసార్లు మూడు నెలలు రాయించారు. లాక్టిక్ రాసిన వైపు గింజలు సుమారు 66 శాతం, శాలిసిలిక్ వైపు సుమారు 52 శాతం తగ్గాయి. నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేవి రెండు సంగతులు. పట్టినవి మూడు నెలలు. అప్పటికీ గింజలు మొత్తం పోలేదు. "ఏడు రోజుల్లో పట్టులాంటి చేతులు" అనే ప్రకటన చూసినప్పుడు ఈ రెండూ గుర్తుకొస్తాయి.

స్కిన్ డాక్టరు గారు పిల్ల చేతులు అర నిమిషం చూశారు. మొదట అడిగింది "ఏం రాస్తున్నావు?" అని కాదు, "ఎంత గట్టిగా రుద్దుతున్నావమ్మా?" అని. మొదటి రెండు వారాలు ఏ యాసిడూ లేదు. బీరపీచు, సున్నిపిండి బంద్. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం, జబ్బలకు వాసన లేని సాధారణ సబ్బు కొద్దిగా. తువ్వాలుతో తుడవకుండా అద్దుకుని, చర్మం ఇంకా చెమ్మగా ఉండగానే మామూలు మాయిశ్చరైజరు. నాకు ఇది చాదస్తంగా అనిపించింది. కానీ తోమి తోమి గీసుకుపోయిన చర్మం మీద యూరియా రాస్తే నిప్పులా మండుతుంది. ముందు ఆ గీతలు మానాలి.

మూడో వారం నుంచి పది శాతం యూరియా క్రీము. మొదట ఒక జబ్బ మీద రూపాయి బిళ్లంత చోట, మూడు రాత్రులు వరుసగా. ఏమీ కాకపోవడంతో రెండు చేతులకూ రోజు విడిచి రోజు, మరో పది రోజులకు ప్రతి రాత్రీ.

ఎంత రాయాలన్నది చాలామంది అడగని ప్రశ్న. వైద్యులకు ఒక తేలిక కొలత ఉంది. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత దాకా ట్యూబు నుంచి పిండితే అది సుమారు అర గ్రాము. వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి అది సరిపోతుంది. మా పిల్ల జబ్బ బయటి వైపు దాదాపు అంతే. అంటే చేతికి ఒక వేలి కొలత, రెండు చేతులకు కలిపి రాత్రికి ఒక గ్రాము. వంద గ్రాముల ట్యూబు మూడు నెలలు రావాలి. ఇది మొదటి ట్యూబును పన్నెండు రోజుల్లో ఖాళీ చేసింది. తెల్లగా కనబడేంత మందంగా పూసి, పొడవు చేతుల నైటీ వేసుకుని పడుకునేదట. ఎక్కువ పూసినంత మాత్రాన మేకు తొందరగా కరగదు. మిగిలినది నైటీకి అంటుతుంది, లేదా చర్మాన్ని చిరచిరలాడిస్తుంది.

ఆరో వారానికి గరుకు సగం తగ్గినట్టు చేతికి తెలిసింది. అప్పుడు వారానికి రెండు రాత్రులు యూరియా బదులు పది శాతం లాక్టిక్ యాసిడ్ లోషన్ చేర్చారు. రెండూ ఒకే రాత్రి ఒకదాని మీద ఒకటి కాదు. రెండూ కలిపిన క్రీములు మార్కెట్లో ఉన్నాయి, అవి పనిచేస్తాయి కూడా. కానీ మంట వస్తే దేనివల్ల వచ్చిందో తెలియదు. కొత్తవాళ్లు విడివిడిగా మొదలుపెట్టడమే మేలని ఆవిడ అభిప్రాయం, నాకూ అదే సబబనిపించింది.

ఇక జరిగిన పొరపాటు. సంక్రాంతి ముందు పార్లరుకు వెళ్లి చేతులు వ్యాక్సింగ్ చేయించుకుంది. ఆ రాత్రే అలవాటుగా లాక్టిక్ యాసిడ్ రాసింది. పది నిమిషాలకు నాకు ఫోను. "పిన్నీ, కారం పూసినట్టుంది." చల్లని నీళ్లతో కడిగేసి, మామూలు మాయిశ్చరైజరు రాసి పడుకోమన్నాను. పొద్దున జబ్బ ఎర్రగా ఉబ్బి, రెండు రోజులకు పొట్టు లేచింది. వ్యాక్సింగ్ వెంట్రుకతో పాటు పైపొరను కూడా కొంత ఊడ్చుకుపోతుంది. ఆ తర్వాత కనీసం రెండు రోజులు యాసిడ్ గాని యూరియా గాని తాకకూడదు. షేవింగ్ తర్వాతా అంతే. పైగా ఈ చర్మం ఉన్నవాళ్లకు వ్యాక్సింగ్ వల్ల వెంట్రుకలు చర్మం లోపలికే పెరిగి కొత్త గింజలు రావచ్చు.

రాయగానే ఒకటి రెండు నిమిషాలు చిమచిమలాడితే అది మామూలే. పది నిమిషాలు దాటినా మంట తగ్గకపోతే, మర్నాటికీ ఎరుపు మిగిలితే, చర్మం మెరుస్తూ బిగుసుకుంటే, మునుపు పడిన మాయిశ్చరైజరు కూడా మండుతుంటే పైపొర దెబ్బతిన్నట్టు లెక్క. అన్నీ ఆపి వారం పది రోజులు ఉత్త మాయిశ్చరైజరు. తర్వాత మళ్లీ రోజు విడిచి రోజు నుంచి మొదలు. మా పిల్లా అదే చేసింది. మన ఛాయ చర్మానికి ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. మంట ప్రతిసారీ గోధుమ మచ్చను వదిలి వెళ్తుంది, గింజ పోయినా మచ్చ నెలల తరబడి ఉంటుంది.

ఎండ సంగతి కూడా ఇక్కడే. లాక్టిక్ యాసిడ్ లాంటివి చర్మాన్ని ఎండకు సున్నితం చేస్తాయి. వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత వారం దాకా సన్‌స్క్రీన్ వాడమని పెట్టెల మీద హెచ్చరిక వేయాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో సూచించింది. హైదరాబాదులో స్కూటీ మీద తిరిగే పిల్లకు జబ్బ ఎంత మాడుతుందో చెప్పక్కర్లేదు. రాత్రి మాత్రమే రాయడం, పగలు ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, లేకుంటే పలచని నూలు చేతులు తొడుక్కోవడం. రెండోది చవక.

నా చిరాకంతా మందుల షాపుల మీద. "చేతి మీద గింజలు" అనగానే కొన్నిచోట్ల శాలిసిలిక్ యాసిడ్‌తో పాటు క్లోబెటాసోల్ లేదా బెటామెథాసోన్ అనే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు చేతిలో పెడతారు. వారంలో ఎరుపు, దురద తగ్గి అద్భుతంలా ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, రక్తనాళాలు బయటికి కనిపిస్తాయి, చారలు పడతాయి, రంగు వెలిసిపోతుంది. ఆ చారలు పోవు. ట్యూబు కొనేముందు పెట్టె వెనక్కి తిప్పి, "ఓల్", "ఓన్" అని ముగిసే పేర్లు కనబడితే ఇది స్టెరాయిడా అని అడగండి. క్లోబెటాసోల్, బెటామెథాసోన్, మోమెటాసోన్, ఇవి ఎక్కువగా కనిపించేవి.

ప్రతి గరుకు గింజా కెరటోసిస్ పైలారిస్ కాదు. చీము, నొప్పి, వేడి ఉంటే అది రోమకూపాల ఇన్‌ఫెక్షన్ కావచ్చు, దాని మీద యాసిడ్ రాస్తే గోల. చెమటకాయలు వేసవిలో ఒక్కసారిగా లేచి, దురద పెట్టి, చల్లబడితే పోతాయి. ఇవి చలికాలం పెరుగుతాయి, ఏళ్లకేళ్లు ఉంటాయి. ఇంకొకటి మన ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసింది: ఎదిగే పిల్లల మోచేతులు, మోకాళ్ల చుట్టూ ముళ్లలా గుచ్చుకునే పెద్ద గింజలు. దీన్ని ఫ్రైనోడెర్మా, అంటే కప్ప చర్మం అంటారు. తిండిలో కొవ్వు ఆమ్లాలు, ఎ విటమిను, బి విటమిన్ల వంటివి చాలకపోవడంతో ముడిపడిన సమస్య ఇది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు కూడా దీన్ని పరిశోధించారు. ఆ పిల్లకు కావలసింది లోషన్ కంటే ముందు కంచంలో తిండి, డాక్టరు పరీక్ష. బుగ్గల మీద గరుకున్న చిన్నపిల్లలకు యూరియా, యాసిడ్ సొంతంగా రాయకూడదు. వాళ్ల చర్మం త్వరగా మండుతుంది, మామూలు మాయిశ్చరైజరు చాలు.

మార్చి నాటికి మా పిల్ల జబ్బలు తడిమితే రవ్వ పోయి మైదాకు కాస్త ఇవతల ఉంది. గోధుమ చుక్కలు మాత్రం అలాగే ఉన్నాయి. వాటికి ఇంకో ఆరు నెలలైనా పడుతుందని డాక్టరు గారు ముందే చెప్పారు. వాటి కోసం యాసిడ్ మోతాదు పెంచొద్దని కూడా చెప్పారు. లేజరు గురించి అడిగితే, ఎరుపు బాగా ఉన్నవాళ్లలో దానికి చోటుంది, గింజల కోసం మొదటే అటు వెళ్లనక్కర్లేదన్నారు.

చేతులు నునుపయ్యాయి కదా అని ఏప్రిల్ పరీక్షల్లో క్రీము మానేసింది. మూడు వారాలకు మళ్లీ వేలికి రవ్వ తగలడం మొదలైంది. కంటికి ఇంకా కనబడలేదు, వేలికి మాత్రం తెలిసింది. రోమకూపం మూతి దగ్గర కణాలు అంటుకుపోయే గుణం పుట్టుకతో వచ్చింది, లోషన్ దాన్ని మార్చదు. ఏర్పడిన మేకును కరిగిస్తుంది, కొత్తది గట్టిపడకుండా చూస్తుంది. అందుకని ఇప్పుడు వారానికి రెండు రాత్రులు యూరియా, మిగతా రోజులు మామూలు మాయిశ్చరైజరు. వేసవి సెలవులకు కాకినాడ వెళ్లినప్పుడు అదీ అక్కర్లేకపోయింది, నవంబరులో మళ్లీ ట్యూబు తీసింది. వంద గ్రాముల ట్యూబు ఈసారి సంక్రాంతి దాటినా అయిపోలేదు.